ఒకే బల్బు, మూడు కార్డులు

ఒక టార్చి సెల్లు, ఒక చిన్న బల్బు, జానెడు తీగ ఒక్కటి. ఇంకేమీ ఇవ్వరు. బల్బు వెలిగించాలి. అమెరికాలోని ఎంఐటీలో స్నాతకోత్సవం రోజున, గౌన్లు ఇంకా ఒంటి మీదే ఉన్న పట్టభద్రుల చేతికి ఈ మూడు వస్తువులూ ఇచ్చి అడిగారు. ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు అందుకున్నవాళ్ళు కాసేపటికే కెమెరా ముందు తడబడ్డారు. హార్వర్డ్-స్మిత్‌సోనియన్ ఖగోళ భౌతిక కేంద్రం 1997లో తెచ్చిన 'మైండ్స్ ఆఫ్ అవర్ ఓన్' అనే డాక్యుమెంటరీలో ఈ దృశ్యం ఉంది.

మన దగ్గర ఈ సంగతి ఆరో తరగతిలోనే వస్తుంది. 'సరళ విద్యుత్ వలయాలు' పాఠం చెప్పేటప్పుడు టీచరు బోర్డు మీద సెల్లు, బల్బు, స్విచ్ గీస్తారు. పిల్లలు నోట్సులోకి ఎక్కించుకుంటారు. పరీక్షలో ఆ బొమ్మే వస్తుంది, మార్కులూ వస్తాయి. నిజం సెల్లు, నిజం బల్బు చేతికొచ్చిన రోజు మాత్రం ఆ బొమ్మ సాయం చేయదు. బోర్డు మీది బల్బు ఒట్టి గుండ్రటి గీత. దానికి ఏ తీగ ఎక్కడ తగలాలో ఆ గీత చెప్పదు.

ఈ ఒక్క పాఠాన్ని తీసుకుని, పిల్లలు ఎక్కడున్నారో ముందు చూసి, మూడు మెట్లలో పని ఇచ్చే పద్ధతి ఒకటుంది. అందరికీ లక్ష్యం ఒకటే, చేరవలసిన చోటూ ఒకటే. బయలుదేరే మెట్టు మాత్రం వేరు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన కరోల్ ఆన్ టామ్లిన్సన్ 1999లో వెలువరించిన 'ది డిఫరెన్షియేటెడ్ క్లాస్‌రూమ్' పుస్తకంతో ఈ తరహా బోధనకు ప్రపంచమంతటా పేరొచ్చింది. ఆమె వాడిన మాటల్లో ఇక్కడ పనికొచ్చేది ఒకటే: సంసిద్ధత. ఫలానా విషయం నేర్చుకోవడానికి ఫలానా పిల్ల ఈ రోజు ఎంతవరకు సిద్ధంగా ఉందన్నదే ఆ మాటకు అర్థం. తెలివికీ దానికీ సంబంధం లేదు. మార్కులకు కూడా పెద్దగా లేదని కాసేపట్లో తెలుస్తుంది.

తెలంగాణలో 2022లో మొదలైన 'తొలిమెట్టు' సంగతి తెలిసినవారికి ఇదీ అలాంటిదే అనిపించవచ్చు. కొంత పోలిక ఉంది కానీ ఒక తేడా ముఖ్యం. తొలిమెట్టు చదవడం, రాయడం, లెక్కల కోసం. అక్కడ అక్షరాల దగ్గర ఆగినవాళ్ళకు అక్షరాలు, వాక్యాలకు చేరినవాళ్ళకు వాక్యాలు నేర్పుతారు. సైన్సు పాఠంలో అలా లక్ష్యాన్నే కిందికి దించితే, కింది మెట్టు పిల్లలకు వలయం అనే ఊహ ఎన్నటికీ అందదు. అందుకే ఇక్కడ ముగ్గురికీ ప్రశ్న ఒకటే: బల్బు వెలగాలంటే కరెంటు ఏ దారిన వెళ్ళాలి, బల్బు దాటాక ఆ కరెంటు ఏమవుతుంది?

పిల్లల బుర్రలో ఉన్న కరెంటు

మెట్లు ఎక్కడ కట్టాలో టీచరు ఊహించి నిర్ణయించనక్కర్లేదు. పిల్లలు కరెంటును ఎన్ని రకాలుగా ఊహించుకుంటారో నలభయ్యేళ్ళ కిందటే లెక్క తేల్చారు. 1980ల మొదట్లో న్యూజిలాండ్‌లో రోజర్ ఆస్‌బోర్న్ పిల్లలను కూర్చోబెట్టి బ్యాటరీ, బల్బుల గురించి అడిగి వాళ్ళ ఊహలను వర్గీకరించారు. అవే ఊహలు తర్వాత ఇతర దేశాల పిల్లల్లోనూ కనిపించాయి.

మొదటి ఊహ ప్రకారం సెల్లు నుంచి ఒక తీగలో కరెంటు బల్బుకు వెళుతుంది, అక్కడితో సరి. కుళాయి నుంచి గొట్టంలో బిందెకు నీళ్ళు వెళ్ళినట్టు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. ఫోను ఛార్జరుకి కనిపించేది ఒక్క వైరే. ఫ్యానుకీ, మిక్సీకీ అంతే. ఆ ఒక్క రబ్బరు తొడుగు లోపల రెండో మూడో తీగలున్నాయని ఎవరు విప్పి చూపించారు?

రెండో ఊహలో తీగలు రెండు. ప్లస్ నుంచి ఒక కరెంటు, మైనస్ నుంచి మరో కరెంటు వచ్చి బల్బులో ఢీకొంటాయి, అందుకే వెలుగు వస్తుంది. మూడో ఊహలో కరెంటు ఒక వైపు నుంచే బయలుదేరి, బల్బులో కొంత ఖర్చయి, మిగిలింది వెనక్కి వెళుతుంది. 'ఈ నెల కరెంటు బాగా కాలింది' అనే మాట ఇంట్లో విని పెరిగిన తెలుగు పిల్లలకు ఈ మూడో ఊహ మరీ సహజం. బల్బు కరెంటును నిజంగానే కాల్చి వెలుగు పుట్టిస్తుందని వాళ్ళు అనుకుంటారు. కాలేది శక్తి. ప్రవాహం మాత్రం బల్బుకు ముందు ఎంతో తర్వాతా అంతే. ఇదే నాలుగోది, సైన్సు చెప్పేది.

ఈ నాలుగు ఊహలే పాఠానికి మెట్లు. మొదటి ఊహలో ఉన్న పిల్లవాడికి వలయమే ఇంకా లేదు కాబట్టి 'బల్బు తర్వాత కరెంటు ఎంత' అని అడిగితే ప్రశ్నే అర్థం కాదు. మూడో ఊహలో ఉన్న పిల్లకు వలయం ఎప్పుడో తెలుసు. ఆ పిల్లను మళ్ళీ వలయం దగ్గర కూర్చోబెడితే పీరియడంతా కిటికీలోంచి చూస్తుంది.

ముందురోజు చీటీ

36 మంది ఉన్న ఒక ఆరో తరగతిని అనుకుందాం. పాఠానికి ముందురోజు పీరియడ్ ఆఖరి అయిదు నిమిషాల్లో టీచరు ప్రతి పిల్లకూ అరఠావు కాగితం ఇస్తారు. అడిగేవి రెండే. ఒకటి: సెల్లు, టార్చి బల్బు, తీగలు బొమ్మ గీసి, బల్బు వెలిగేలా కలపండి, తీగ ఎక్కడ తగిలిందో తెలిసేట్టు గీయండి. రెండు: బల్బుకు అటు వైపు, ఇటు వైపు తీగల్లో కరెంటు ఎలా ఉంటుందో ఒక్క వాక్యంలో రాయండి. మార్కులు లేవని ముందే చెప్పాలి. లేకపోతే పక్క చీటీలోని బొమ్మే ఈ చీటీలోనూ ఉంటుంది.

ఆ సాయంత్రం చీటీలు సర్దడానికి పావుగంట చాలు. టీచరు పేరు చూడకుండా బొమ్మ మాత్రమే చూడాలి. తీగ ఒకటే ఉన్నవీ, రెండు తీగలూ సెల్లు ఒకే కొసకు తగిలినవీ, తీగ గాజుకు ఆనినవీ మొదటి దొంతరలోకి పోతాయి. సెల్లు రెండు కొసల నుంచీ తీగలు వచ్చాయి కానీ బల్బు దగ్గర అవి రెండూ ఒకే చోట కలిసిపోయాయి, లేదా బొమ్మ సరిగానే ఉంది కానీ కింద 'రెండు కరెంటులు కలుస్తాయి' అని రాసి ఉంది అంటే రెండో దొంతర. బల్బుకు రెండు వేర్వేరు చోట్ల తీగలు తగిలి, వలయం పూర్తయి, కరెంటు ఒకే దిక్కున తిరుగుతుందని రాసినవి మూడో దొంతర. వీటిలో చాలావాటి కింద 'బల్బు దాటాక కరెంటు తగ్గుతుంది' అనే ఉంటుంది. అదేమీ అడ్డు కాదు. ఆ మెట్టు పని దాని కోసమే.

మన తరగతిలో 15, 14, 7 వచ్చాయనుకుందాం. ఇప్పుడు పేర్లు చూస్తే టీచరుకు కొంత ఆశ్చర్యం తప్పదు. ఎప్పుడూ మొదటి ర్యాంకు వచ్చే పిల్ల మొదటి దొంతరలో ఉండవచ్చు. ఆ పిల్లకు పుస్తకంలోని బొమ్మ బాగా వచ్చు, బల్బును ఎన్నడూ చేత్తో పట్టుకోలేదు. పెళ్ళిళ్ళకు సీరియల్ లైట్లు కట్టే తండ్రి వెంట తిరిగే కుర్రాడు, తెలుగు వాచకం తప్పుల్లేకుండా చదవలేనివాడు, మూడో దొంతరలో తేలవచ్చు. ఈ మూడు దొంతరలు యూనిట్ టెస్టు మార్కుల వరుసలోనే వస్తే, టీచరు బొమ్మలను చూశారో చేతిరాతను చూశారో ఒకసారి సరిచూసుకోవాలి.

ఇక్కడ ఒక చిన్న సంగతి. రెండు తీగలూ బల్బు అడుగునే తగిలించిన పిల్లవాడికి అలా గీయడానికి ఒక కారణం ఉండి ఉండవచ్చు. మన ఇళ్ళలో వాడిన పాత పిన్ను బల్బుకు అడుగున రెండు సీసపు బొట్లుంటాయి. దాని లోపలి తీగలు రెండూ ఆ రెండు బొట్లకే వస్తాయి. టార్చి బల్బు అలా కాదు. దాని ఒక తీగ అడుగున ఉన్న బొట్టుకూ, రెండోది పక్కనున్న లోహపు తొడుగుకూ అతికి ఉంటాయి. మధ్యలో కరెంటు పోనివ్వని పొర ఉంటుంది. బాగా కనిపిస్తుంది కదా అని తరగతికి పెద్ద ఇంటి బల్బు తెచ్చి చూపించే టీచరు, తెలియకుండానే ఆ పిల్లవాడి పొరపాటుకు సాక్ష్యం తెచ్చినట్టే.

సంచిలో ఏముండాలి

ముగ్గురేసి చొప్పున కూర్చోబెడితే మొదటి మెట్టుకు అయిదు జట్లు, రెండో మెట్టుకు అయిదు, మూడో మెట్టుకు రెండు. మూడో మెట్టు జట్టుకు రెండేసి సెల్లులు, రెండేసి బల్బులు కావాలి. మిగతావారికి ఒక్కోటి చాలు. మొత్తం 14 సెల్లులు, 14 బల్బులు, పైన మూడు బల్బులు అదనంగా. వీటితోపాటు మొదటి మెట్టు జట్లకు మాడిపోయిన టార్చి బల్బు ఒక్కోటి, భూతద్దం ఒక్కోటి. మూడో మెట్టుకు చిన్న దిక్సూచి.

ఈ రోజుల్లో అసలు చిక్కు బల్బులతోనే. దుకాణంలో టార్చి బల్బు అడిగితే ఎల్ఈడీ చేతిలో పెడతారు. ఈ పాఠానికి అది పనికిరాదు. మామూలు 1.5 వోల్టుల సెల్లు ఒక్కటీ దాన్ని వెలిగించలేదు. ఎర్ర ఎల్ఈడీకి దాదాపు 2 వోల్టులు, తెల్లదానికి దాదాపు 3 వోల్టులు కావాలి. పైగా తిప్పి పెడితే అసలు వెలగదు. వలయం సరిగ్గా కట్టిన పిల్లకు కూడా చీకటే మిగిలితే, ఆ పిల్ల సరైన ఊహను వదిలేసి తప్పు ఊహకు వెళ్ళిపోతుంది. లోపల సన్నటి ఫిలమెంటు కనిపించే 2.5 వోల్టుల బల్బు ఎలక్ట్రికల్ దుకాణాల్లో, స్కూలు ప్రయోగ సామగ్రి అమ్మేచోట అడిగి తెచ్చుకోవాలి. ఒక్క సెల్లుతో అది మసకగానే వెలుగుతుంది. ఎండ పడే గదిలో అరచేతులు అడ్డుపెట్టి చూడాలి.

సెల్లులు మామూలు చవక రకమే మంచివి. ఆల్కలైన్ సెల్లును, ఛార్జింగ్ బ్యాటరీని పిల్లలు రెండు కొసలూ తీగతో నేరుగా కలిపితే చాలా వేడెక్కుతాయి. ఫోను బ్యాటరీ, పవర్ బ్యాంకు, గోడ ప్లగ్గు దగ్గరికి వెళ్ళనే కూడదు. ఈ మాట మూడు కార్డుల మీదా మొదటి వరుసలో ఉండాలి.

మోటారు చుట్టలకు వాడే రాగి తీగ తెచ్చినప్పుడు మరో మోసం ఉంది. అది చూడ్డానికి ఒట్టి రాగిలా మెరుస్తుంది కానీ పైన వార్నిష్ పూత ఉంటుంది. కొసలు గరుకు కాగితంతో గీకకపోతే ఏ జట్టుకూ బల్బు వెలగదు. అందుకే టీచరు బల్ల మీద తప్పకుండా వెలిగే వలయం ఒకటి కట్టి ఉంచుకోవాలి. అనుమానం వచ్చిన బల్బునో తీగనో పిల్లలే తెచ్చి అందులో పెట్టి చూసుకుంటారు. 'సార్, మా బల్బు పోయింది' అనే కేకలు సగం తగ్గుతాయి.

మూడు కార్డులు

మొదటి మెట్టు కార్డులో పని బల్బుతో మొదలవుతుంది, తీగతో కాదు. మాడిన బల్బును భూతద్దంతో చూసి, ఫిలమెంటును మోస్తున్న రెండు సన్నటి తీగలు ఎటు దిగాయో వేలితో చూపమంటుంది. ఒకటి అడుగు బొట్టుకు, ఒకటి పక్క తొడుగుకు. బల్బుకు రెండు గుమ్మాలున్నాయని ఇక్కడ పిల్లలకు కళ్ళతో తెలియాలి. ఆ తర్వాత కార్డు మీద ఆరు బొమ్మలుంటాయి. ఒక తీగే ఉన్నది, రెండు తీగలూ అడుగు బొట్టుకే తగిలినది, రెండూ ప్లస్ నుంచే వచ్చినది, తీగ గాజుకు తగిలినది: ఈ నాలుగూ వెలగవు. ఒక తీగ బొట్టుకు, ఒకటి తొడుగుకు వెళ్ళినదీ, బల్బు నేరుగా సెల్లు నెత్తిన కూర్చుని ఒకే తీగ తొడుగుకు వచ్చినదీ వెలుగుతాయి. ప్రతి బొమ్మ పక్కనా ముందు 'వెలుగుతుంది' అనో 'వెలగదు' అనో ముగ్గురూ ఒప్పుకుని రాయాలి. అప్పుడే కట్టి చూడాలి. ఆఖరున ఒక సగం వాక్యం ఉంటుంది: 'బల్బు వెలగాలంటే సెల్లు ......కూ, బల్బు ......కూ దారి ఉండాలి.' దాన్ని వాళ్ళే పూరిస్తారు.

ఆరు బొమ్మల్లో రెండోదాని దగ్గర ఆగి చూడాలి. రెండు తీగలూ అడుగు బొట్టు దగ్గరే కలిస్తే వలయం పూర్తయినట్టే ఉంటుంది, బల్బు మాత్రం వెలగదు. కాసేపటికి ఎవరో 'తీగ కాలుతోంది మేడమ్' అంటారు. కరెంటు వెళుతోంది, బల్బులోకి మాత్రం పోవడం లేదు, బొట్టు దగ్గరే మలుపు తిరిగి వెనక్కి వస్తోంది. ఆ వేడి పట్టుకున్న వేళ్ళకు షార్ట్ సర్క్యూట్ అనే మాట ఇక బట్టీ పట్టనక్కర్లేదు. రెండు మూడు సెకన్లకు మించి అలా పట్టుకోనివ్వకూడదు. సెల్లు కూడా పాడవుతుంది.

రెండో మెట్టు కార్డులో బొమ్మలు లేవు. ఒకే తీగతో బల్బును ఎన్ని రకాలుగా వెలిగించవచ్చో కనుక్కోమని అడుగుతుంది. జవాబు నాలుగు. బల్బు అడుగు బొట్టు సెల్లు ప్లస్ మీద కూర్చోవచ్చు, మైనస్ మీద కూర్చోవచ్చు. లేదంటే తొడుగు ప్లస్‌కు ఆనవచ్చు, మైనస్‌కు ఆనవచ్చు. ప్రతిసారీ మిగిలిపోయిన రెండు చోట్లనూ తీగ కలుపుతుంది. నాలుగు ఉన్నాయని కార్డు ముందే చెప్పకూడదు. మూడు దొరికాక 'ఇంకా ఉందా?' అని టీచరు ఒక్క మాట అంటే చాలు. ఈ నాలుగూ పక్కపక్కన గీసి చూస్తే, ఏది ఎటు ఉన్నా నాలుగు చోట్లూ వలయంలో ఉన్నాయన్న సంగతి వాళ్ళకే కనిపిస్తుంది.

అది అయ్యాక కార్డు వెనక్కి తిప్పితే అసలు పరీక్ష ఉంటుంది. రెండు తీగలు, రెండు గుండు పిన్నులు, అట్టముక్కతో ఒక స్విచ్ చేసి, దాన్ని ముందు ప్లస్ వైపు, తర్వాత మైనస్ వైపు పెట్టమంటుంది. మైనస్ వైపు స్విచ్ తీసేస్తే ఏమవుతుందో ముందు రాయాలి. కరెంటు ప్లస్ నుంచి బల్బుకు వచ్చి అయిపోతుందనుకునేవాళ్ళు 'వెలుగుతూనే ఉంటుంది' అని రాస్తారు. రెండు కరెంటులు ఢీకొంటాయనేవాళ్ళలో కొందరు 'సగం వెలుగుతుంది' అంటారు. బల్బు ఠక్కున ఆరిపోతుంది. రాసుకున్న మాట కాగితం మీద ఉంది కాబట్టి 'నేను అదే అనుకున్నా' అనడానికి వీల్లేదు.

మూడో మెట్టు కార్డు ఒక్క ప్రశ్నతో మొదలవుతుంది: రెండు బల్బులు ఒకదాని తర్వాత ఒకటి కడితే ఏది ఎక్కువ వెలుగుతుంది? కరెంటు దారిలో ఖర్చవుతుందనే పిల్లలు 'మొదటిది' అని ధైర్యంగా రాస్తారు. కట్టి చూస్తారు. ఇక్కడే ఈ పాఠంలో అతి పెద్ద చిక్కు వస్తుంది. రెండు బల్బులూ ఒకే పెట్టెలోంచి తీసినా అచ్చంగా ఒకేలా ఉండవు, ఒకటి కాస్త ఎక్కువ వెలుగుతుంది. అది పొరపాటున మొదటి బల్బే అయితే పిల్లలు 'చూశారా!' అని చేతులెత్తేస్తారు. తప్పు ఊహకు ప్రయోగమే ముద్ర వేసినట్టవుతుంది. అందుకే కార్డులో రెండో పని తప్పనిసరి. బల్బులు చోట్లు మార్చండి, తర్వాత సెల్లులను తిప్పి పెట్టండి. ఎక్కువ వెలుగు ఎటు వెళ్ళింది? అది బల్బుతోపాటే వెళుతుంది. చోటుతో దానికి పని లేదు. ఒక కొలతను నమ్మే ముందు దాన్ని తిరగేసి చూడాలన్న అలవాటు ఆరో తరగతిలో నేర్పగలిగే చోట్లు తక్కువ. ఇది అందులో ఒకటి.

దిక్సూచి ఆ తర్వాత. తీగను ఉత్తర దక్షిణాలుగా పరిచి, కింద దిక్సూచి పెట్టి, వలయం మూయాలి. ముల్లు కదులుతుంది. 1820లో అయిర్‌స్టెడ్ చూసింది ఇదే. బల్బులకు ముందున్న తీగ కింద ఎంత కదిలిందో, తర్వాత ఉన్న తీగ కింద పెట్టినా అంతే కదులుతుంది. సెల్లు మీది ఉక్కు తొడుగు ముల్లును లాగుతుంది కాబట్టి రెండిటి మధ్య జానెడు దూరమైనా ఉండాలి. వరసగా రెండుసార్లు ముల్లు తేడాగా తిరిగితే, కరెంటును అనుమానించే ముందు సెల్లు ఎక్కడుందో చూడాలి.

మూడు కార్డులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ప్రణాళిక బాగుందో లేదో తెలిసిపోతుంది. మొదటి కార్డులో ఆరు ప్రశ్నలు, రెండోదానిలో పది, మూడోదానిలో పదిహేను ఉంటే అది మెట్ల పాఠం కాదు, పని బరువు పెంచుకుంటూ పోవడమే. ముందుగా ముగించినవాళ్ళకు ఇంకో పేజీ లెక్కలిచ్చే పాత అలవాటు కొత్త బట్టలు కట్టుకుని వచ్చినట్టు. అలాగే మొదటి కార్డు 'బల్బుకు రంగు వేయండి' అన్నట్టు ఉన్నా తప్పే. పైన చెప్పిన మూడు కార్డుల్లో ఒక్కోదానికీ ఇరవై నిమిషాలకు అటూ ఇటూ పడుతుంది. మూడింటిలోనూ ముందు ఊహించి తర్వాత చేసి చూసే పనే ఉంది. మారేది చేయూత ఎంత అన్నదీ, ఊహ ఎంత దూరం పోవాలన్నదీ.

నలభై అయిదు నిమిషాలు

పీరియడ్ మొదట్లో నాలుగు నిమిషాలు అందరికీ కలిపి. టీచరు సెల్లు, బల్బు, ఒక తీగ ఎత్తి చూపి ప్రశ్న వేస్తారు, జవాబు చెప్పరు. కార్డులూ సంచులూ పంచాక 22 నిమిషాలు పని. ఈ సమయంలో టీచరు ఎక్కడ నిలబడతారన్నది కార్డులంత ముఖ్యం. మొదటి ఎనిమిది నిమిషాలు మొదటి మెట్టు జట్ల మధ్యనే ఉండాలి. బల్బుకు రెండు గుమ్మాలున్నాయని అక్కడ తేలకపోతే మిగతా పనంతా గుడ్డిగా ఆనించి చూడటమే అవుతుంది. తర్వాత రెండో మెట్టు జట్లలో స్విచ్ దగ్గర. మూడో మెట్టుకు ఆఖరున, బల్బులు మార్చారా లేదా అని చూడటానికి వెళితే చాలు. ఆ రెండు జట్లకూ ముందే మడిచి పెట్టిన సూచన చీటీ ఒకటి ఇస్తారు. మరీ ఇరుక్కుంటేనే విప్పాలి.

అప్పుడు 12 నిమిషాల పంచుకోలు. మెట్ల పాఠం నలుగురిలో నగుబాటయ్యేది సాధారణంగా ఇక్కడే. మూడో మెట్టు పిల్లలు చెబుతుంటే మిగతావాళ్ళు వింటూ కూర్చుంటే, ఎవరు ఎక్కడున్నారో తరగతి మొత్తానికీ చాటింపు వేసినట్టే. అందుకే వరుస కింది మెట్టు నుంచి. మాడిన బల్బును విప్పారి చూసింది మొదటి మెట్టు జట్లే. బల్బు లోపలి దారి వాళ్ళు చెప్పకపోతే మిగతావాళ్ళకు తెలియదు. 'ఒకే తీగతో నాలుగు రకాలు ఎందుకు కుదిరాయి' అన్న రెండో మెట్టు ప్రశ్నకు జవాబు ఆ రెండు గుమ్మాల్లోనే ఉంది. స్విచ్ ఎటు పెట్టినా బల్బు ఎందుకు ఆరింది అన్నదానికి మూడో మెట్టు వాళ్ళ దిక్సూచి సాక్ష్యం చెబుతుంది. ఒకరి దగ్గరున్న ముక్క లేకుండా ఇంకొకరి బొమ్మ పూర్తికాకుండా కార్డులు కూర్చడం రాసేటప్పుడే జరగాలి, తరగతిలో అప్పటికప్పుడు కుదరదు.

ఇక్కడ టీచరు ఒక పోలిక చెప్పవచ్చు. సైకిలు గొలుసు పెడలు దగ్గరి నుంచి వెనక చక్రానికి వెళ్ళి మళ్ళీ తిరిగొస్తుంది. చక్రం దగ్గర గొలుసు ఏమీ ఖర్చు కాదు. కానీ కాలి బలం చక్రానికి చేరుతుంది. గొలుసు ఎక్కడ తెగినా మొత్తం ఆగుతుంది. నెల తిరిగేసరికి వచ్చే బిల్లు గొలుసుకు కాదు, తొక్కిన బలానికి. పోలిక ఇంతవరకే. గొలుసు కంటికి కనిపిస్తుంది, రెండు బల్బులు పక్కపక్కన విడి దారుల్లో కట్టినప్పుడు ఈ పోలిక పనిచేయదు. ఆ పాఠానికి వేరే పోలిక వెతుక్కోవాలి.

ఏది వికటిస్తుంది

కార్డులకు రంగులు వేసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని పేర్లు పెట్టే స్కూళ్ళున్నాయి. రెండో రోజుకల్లా పిల్లలు 'ఎరుపు అంటే మొద్దులు' అని తేల్చేస్తారు. రంగు మార్చినా, పూల పేర్లు పెట్టినా ఫలితం అంతే. జట్లు మారకపోతే పేరు ఏదైనా ముద్రే. దీనికి మందు ఒక్కటే: చీటీ ప్రతి పాఠానికీ కొత్తగా రావాలి. అయస్కాంతాల పాఠానికి, ఆవిరి పాఠానికి దొంతరలు మళ్ళీ మొదటి నుంచి పడాలి. ఏడాదంతా ఒక పిల్ల ఒకే దొంతరలో ఉంటే, చీటీలు సర్దడం మానేసి ఎవరో జాబితా చూస్తున్నారన్నమాట.

ఇదే అదనుగా పిల్లలను 'చూసి నేర్చుకునేవాళ్ళు, విని నేర్చుకునేవాళ్ళు, చేసి నేర్చుకునేవాళ్ళు' అని విడదీసి మూడు కార్డులు చేసే శిక్షణ శిబిరాలూ ఉన్నాయి. అది వేరే సంగతి, దానికి ఆధారం లేదు. 2008లో హెరాల్డ్ పాష్లర్, ఆయన సహచరులు అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నీ వడపోసి, అలాంటి విభజనకు తగిన రుజువు దొరకలేదని తేల్చారు. బల్బు అడుగున రెండు తీగలు గీసిన పిల్లకు కావలసింది పాటా కాదు, వీడియో కాదు. భూతద్దం.

మెట్ల పాఠం ఖర్చు కూడా చెప్పుకోవాలి. చీటీలకు పావుగంట, కార్డులు రాయడానికి గంటకు పైన, సంచులు సర్దడానికి మరో అరగంట. అయిదు తరగతులకు రోజుకు ఆరు పీరియడ్లు చెప్పే టీచరుకు ఇది రోజూ సాధ్యం కాదు. ప్రతి పాఠానికీ అవసరమూ లేదు. గట్టి తప్పు ఊహలు పాతుకుపోయిన చోట్ల, యూనిట్‌కు ఒకటి చాలు. ఒకసారి రాసిన కార్డులు మరుసటి ఏడాదికీ పనికొస్తాయి, దొంతరలే మారతాయి. పెద్ద స్కూల్లో ఇద్దరు సైన్సు టీచర్లు చెరో పాఠం పంచుకుంటే బరువు సగం.

ఆఖరు అయిదు నిమిషాలకు మళ్ళీ చీటీ. ఈసారి అందరికీ ఒకటే, మెట్లు లేవు. సెల్లు రెండు కొసల నుంచీ వచ్చిన తీగలు రెండూ బల్బు పక్క తొడుగుకే తగిలిన బొమ్మ ఒకటి ఉంటుంది. ఇది ఏ కార్డులోనూ లేదు. వెలుగుతుందా, ఎందుకు అని ప్రశ్న. దాని కింద ముందురోజు రెండో ప్రశ్నే మళ్ళీ: అటు తీగలో, ఇటు తీగలో కరెంటు ఎలా ఉంటుంది? 'రెండు తీగలూ ఒకే గుమ్మం దగ్గర కలిశాయి, వెలగదు' అన్నది ఎవరు ఏ మాటల్లో రాసినా సరే. తొలి ప్రశ్న తప్పినవాళ్ళకు మర్నాడు పది నిమిషాలు మాడిన బల్బుతో టీచరు దగ్గర పని ఉంటుంది. రెండోది తప్పినవాళ్ళకు అంత తొందర లేదు. కరెంటు ఖర్చవుతుందనే ఊహ ఒక పీరియడ్‌లో పోయే రకం కాదు, కాలేజీ దాకా వెంట వచ్చేదే. పై తరగతుల్లో అమ్మీటరు చేతికొచ్చినప్పుడు, దాన్ని బల్బుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పెట్టించి మళ్ళీ అడగాలి.